వాట్సాప్ ఫొటోలోని నెయ్యి డబ్బా అసలుదేనా? బ్యాచ్ నంబరు, తేదీ, చిరునామా చదివే పద్ధతి

బెంగళూరులో మనవాళ్లు ఎక్కువగా ఉండే మారతహళ్లి, కె.ఆర్.పురం, ఎలక్ట్రానిక్ సిటీ వైపు ఏ అపార్ట్‌మెంట్ గ్రూపులో చూసినా పండగ ముందు ఇలాంటి మెసేజ్ ఒకటి కనిపిస్తుంది. పేరున్న బ్రాండు నెయ్యి, లీటరు డబ్బా, షాపు ధరలో దాదాపు సగం. పక్కనే ఒక ఫొటో, కింద "డిస్ట్రిబ్యూటర్ దగ్గర మిగిలిన స్టాక్ అండీ, హండ్రెడ్ పర్సెంట్ ఒరిజినల్" అనే మాట. 2026 ఉగాదికి ముందు మా పక్క ఫ్లాట్ అక్క ఇలాంటిదే నాకు ఫార్వర్డ్ చేసి, "తమ్ముడూ, నాలుగు డబ్బాలు తీసుకుందామనుకుంటున్నా. నువ్వొకసారి చూసి చెప్పు" అంది. నేను పీణ్య వైపు ఫ్యాక్టరీల్లో ప్యాకెట్ల మీద తేదీలు కొట్టే మిషన్లు బాగుచేసే పనిలో ఉన్నాను. అందుకే ఇలాంటివన్నీ నా దగ్గరికే వస్తాయి. ఆ డబ్బానే ఉదాహరణగా తీసుకుని, ఫొటో చూసి మీరే ఎలా తేల్చుకోవచ్చో వరుసగా చెప్తాను.

ముందుగా ఒక సంగతి. ప్యాకెట్ల మోసం ప్రధానంగా రెండు రకాలు. ఒకటి, లోపలి సరుకూ లేబులూ రెండూ దొంగవి. 2025 నవంబరులో బెంగళూరు సీసీబీ పోలీసులు పట్టుకున్న నకిలీ నందిని నెయ్యి ఈ రకం. కల్తీ నెయ్యిని తమిళనాడులో తయారుచేసి, అసలు బ్రాండును పోలిన ప్యాకింగులో ఇక్కడికి తెచ్చి అమ్మారు. రెండోది, సరుకూ అసలుదే, లేబులూ అసలుదే, కానీ గడువు దాటిపోయింది. తేదీ తుడిచి కొత్తది కొట్టి అమ్ముతారు. మొదటి రకాన్ని ఎక్కువగా చిరునామా, లైసెన్స్ నంబరు పట్టిస్తాయి. రెండోదాన్ని పట్టించేవి తేదీ, బ్యాచ్ నంబరు. ఒకటి చూసి రెండోది వదిలేస్తే సగం పనే అయినట్టు.

ముందు సరైన ఫొటో అడగండి

అక్క పంపిన ఫొటోలో డబ్బా ముందు భాగం మాత్రమే ఉంది. బ్రాండు పేరు, ఆవు బొమ్మ, అంతే. "అక్కా, ముందు నుంచి చూస్తే అన్నీ బాగానే ఉంటాయి. వెనక లేబులు, డబ్బా అడుగు ఫొటోలు పంపమను" అన్నాను.

మీరూ అంతే చేయండి. మూడు ఫొటోలు కావాలి. వెనక లేబులు మొత్తం ఒకటి, తేదీ, బ్యాచ్ కొట్టిన చోటు దగ్గరగా ఒకటి, మూత, సీలు కనిపించేలా ఒకటి. దగ్గరి ఫొటోకు ఫ్లాష్ వద్దని చెప్పండి. మెరిసే ప్లాస్టిక్ మీద ఫ్లాష్ పడితే సరిగ్గా అంకెల మీదే తెల్లటి మచ్చ వస్తుంది. కిటికీ పక్కన పెట్టి, వెలుతురు పక్కనుంచి పడేలా డబ్బాను కొంచెం వంచి తీస్తే అంకెలతో పాటు వాటి చుట్టూ ప్లాస్టిక్ ఎలా ఉందో కూడా తెలుస్తుంది. మనకు ఆ రెండోదే ముఖ్యం, ఎందుకో తర్వాత చెప్తాను. వాట్సాప్ మామూలుగా ఫొటోను కుదించి పంపుతుంది, కాబట్టి హెచ్‌డీలో గానీ డాక్యుమెంట్‌గా గానీ పంపమనండి. ఫొటో నుంచి ఫొటో తీసిందో, స్క్రీన్‌షాటో పంపితే తీసుకోవద్దు.

ఇంకో చిన్న షరతు పెట్టండి. డబ్బా పక్కన ఒక కాగితం మీద మీ ఫ్లాట్ నంబరు రాసి పెట్టి ఫొటో తీయమనండి. ఎక్కడో దొరికిన పాత ఫొటోను అందరికీ తిప్పుతున్నవాడు ఇక్కడే నసుగుతాడు. నిజంగా సరుకు దగ్గర ఉన్నవాడికి అది అర నిమిషం పని.

చూసింది చూసినట్టు రాసుకోండి

ఫొటో రాగానే తీర్పు చెప్పకండి. పెద్దది చేసి, కనిపించిన ప్రతి అక్షరాన్నీ కాగితం మీద దించండి. అనుమానం ఉన్న అంకె దగ్గర ప్రశ్నార్థకం పెట్టండి. తేదీలు కొట్టే మిషన్ అంకెల్ని చుక్కలతో వేస్తుంది. ఒకటి రెండు చుక్కలు చెరిగినా 3, 8 ఒకేలా ఉంటాయి. 5కీ 6కీ, 1కీ 7కీ, 0కీ 8కీ కూడా అదే తంటా. కన్ను తనకు కావలసిన అంకెనే చదివేస్తుంది, కాబట్టి ప్రశ్నార్థకం పెట్టడానికి మొహమాటపడొద్దు.

అక్కకు వచ్చిన రెండో విడత ఫొటోల నుంచి నేను దించుకున్నది ఇదీ. కంపెనీ పేరు, నంబర్లలో కొంత భాగం తీసేశాను.

```
B.No.  H25074B
PKD    15/08/25
USE BY 14/05/26
MRP Rs. 700.00   Rs. 0.70/ml

Marketed by: ... Bengaluru 560058  Lic. No. 10018XXXXXXXXX
Packed at (H): ... Hosur 635126    Lic. No. 12419XXXXXXXXX
(P): ... Bengaluru 560058          Lic. No. 11217XXXXXXXXX
Shelf life: 9 months from packing
```

పైనున్న నాలుగు వరుసలూ ప్యాకింగ్ లైన్ మీద మిషన్ కొట్టేవి. కిందివి లేబులుతో పాటే ప్రెస్సులో అచ్చయినవి. ఈ తేడా గుర్తుంచుకోండి. అచ్చయిన భాగాన్ని దొంగ లేబులు వేసేవాడు మక్కీకి మక్కీ దించేస్తాడు. మిషన్ కొట్టే భాగం మాత్రం ప్రతి బ్యాచికీ మారుతుంది కాబట్టి అక్కడ సొంత తెలివి వాడాల్సి వస్తుంది. దొరికిపోయేది కూడా ఎక్కువగా అక్కడే.

తేదీలకు లెక్క కట్టండి

ప్యాక్ చేసిన తేదీకి లేబులు మీద రాసిన నిల్వ కాలం కలపండి. ఆగస్టు 15 నుంచి తొమ్మిది నెలలంటే మే 14. డబ్బా మీద ఉన్నదీ అదే. ఒక రోజు అటూ ఇటూ ఉన్నా పట్టించుకోవద్దు, కొన్ని కంపెనీలు 14 అని, కొన్ని 15 అని వేస్తాయి. నెలే తేడా వస్తే మాత్రం ఆగాలి.

ధరకూ ఇదే లెక్క. 700 రూపాయలను 1000 మిల్లీలీటర్లతో భాగిస్తే 70 పైసలు. ఈ యూనిట్ ధరను ప్యాకెట్ మీద చూపించాలన్నది తూనికలు, కొలతల చట్టం కింద వచ్చిన నిబంధన. నకిలీ లేబులు కొట్టేవాళ్లు అర లీటరు డబ్బా డిజైనును లీటరుకు వాడి, ఈ అంకె మార్చడం మర్చిపోయే అవకాశం ఉంది. మన డబ్బాలో ఇదీ సరిపోయింది. అన్నట్టు, లీటరు నెయ్యి కిలో తూగదు, 905 నుంచి 910 గ్రాముల దగ్గర ఉంటుంది. ఒకే డబ్బా మీద 1 లీటరు అనీ 1 కిలో అనీ రెండూ ఉంటే అది లెక్క తెలియనివాడు వేసిన లేబులు.

ఇంతవరకు చూస్తే డబ్బా సలక్షణంగా ఉంది. చాలామంది ఇక్కడే ఆగి డబ్బులు పంపేస్తారు. గడువు ఇంకా రెండు నెలలు ఉంది, లెక్క కుదిరింది, ఇంకేం కావాలి అనిపిస్తుంది. కానీ తేదీ మార్చేవాడికి కూడా తొమ్మిది నెలలు కలపడం వచ్చు. రెండు తేదీలూ ఒకదానితో ఒకటి కుదిరాయంటే రెండూ ఒకే చేతిమీదుగా పడ్డాయని మాత్రమే తెలుస్తుంది. అది ఎవరి చెయ్యో బ్యాచ్ నంబరు చెప్పాలి.

బ్యాచ్ నంబరులో రోజు దాగుంటుంది

బ్యాచ్ నంబరు గురించి ముందు ఒక అపోహ తీసేద్దాం. నాలుగు డబ్బాల మీదా ఒకే నంబరు ఉందని కంగారుపడే వాళ్లున్నారు. అది మామూలే. ఒక విడతలో తయారైన వేలాది డబ్బాలకు ఒకే బ్యాచ్ నంబరు ఉంటుంది. కొన్ని కంపెనీలు దాని పక్కన కొట్టిన టైము కూడా వేస్తాయి, 14:32:07 అన్నట్టు. అలా సెకన్లు కూడా వేసేచోట పెట్టెలోని డబ్బాలన్నిటి మీదా అదే సెకను ఉంటే అనుమానించాలి. లైను నడుస్తున్నకొద్దీ గడియారం మారుతుంది కదా.

ఇప్పుడు H25074B చూడండి. ఈ నంబరు ఎలా ఉండాలో చట్టం చెప్పదు. ఏ కంపెనీ పద్ధతి దానిది. కానీ చాలా కంపెనీలు ఇందులో సంవత్సరం, ఆ సంవత్సరంలో ఎన్నో రోజు, ఏ ఫ్యాక్టరీ, ఏ షిఫ్టు అనేవి ఇరికిస్తాయి. ఎప్పుడైనా ఫిర్యాదు వస్తే ఏ రోజు ఏ లైను మీద నడిచిందో వెతుక్కోవడానికి అదే ఆధారం. ఇక్కడ H అంటే ఏమిటో లేబులే చెప్పింది, హోసూరు యూనిట్. 25 సంవత్సరం అయ్యుండొచ్చు. B రెండో షిఫ్టు కావచ్చు, లైను కావచ్చు, మనకు అనవసరం. మిగిలింది 074.

అది సంవత్సరంలో 74వ రోజైతే, జనవరి 31, ఫిబ్రవరి 28 కలిపి 59. ఇంకో 15 కలిపితే 74. అంటే మార్చి 15. డబ్బా మీదేమో ఆగస్టు 15 ఉంది. ఆగస్టు 15 ఎన్నో రోజు? జులై ఆఖరుకు 212, ఇంకో 15 కలిపితే 227. బ్యాచ్‌లో 227 ఉండాల్సిన చోట 074 ఉంది.

ఇక్కడ తొందరపడొద్దు. 074 అంటే రోజు అన్నది నా ఊహ మాత్రమే. అది 74వ బ్యాచ్ అయ్యుండొచ్చు, ట్యాంకు నంబరు కూడా కావచ్చు. ఊహ నిజమో కాదో తెలుసుకోవడానికి ఒక సులువైన దారి ఉంది. అదే బ్రాండు, అదే సైజు డబ్బాను నమ్మకమైన షాపులో చూడండి. మా వీధి చివర సూపర్ మార్కెట్‌కి వెళ్లి చూస్తే అక్కడి డబ్బా మీద బ్యాచ్ H25290A, ప్యాక్ చేసిన తేదీ 17/10/25 అని ఉంది. సెప్టెంబరు ఆఖరుకు 273 రోజులు, 17 కలిపితే 290. సరిగ్గా కుదిరింది. ఒక్కటి కాకతాళీయం కావచ్చని వేరే తేదీది ఇంకోటి కూడా చూశాను. అదీ కుదిరింది. అంటే ఈ కంపెనీ పద్ధతి ఇదే. అప్పుడు అక్కకు వచ్చిన ఫొటోలోని డబ్బా తన కథ తనే చెప్పేసినట్టయింది. ప్యాక్ చేసింది 2025 మార్చి 15న, గడువు తీరింది డిసెంబరు 14న. ఉగాది నాటికి మూడు నెలలు దాటిపోయింది.

తేదీ మార్చినవాడు బ్యాచ్ వరుసను ఎందుకు వదిలేశాడంటే, అది తనకు అర్థం కాని నంబరు కాబట్టి. కొనేవాళ్లు కూడా దాన్ని చూడరని అతని ధైర్యం.

బ్యాచ్‌లో ఉత్త వరుస సంఖ్య మాత్రమే వేసే చిన్న కంపెనీలూ ఉన్నాయి, బ్యాచ్ 17, బ్యాచ్ 18 అన్నట్టు. అలాంటిచోట ఈ లెక్క పనిచేయదు. షాపులో రెండు మూడు డబ్బాలు చూసినా రోజుకూ నంబరుకూ పొంతన దొరకకపోతే దీన్ని వదిలేసి ముందుకు వెళ్లండి. పొంతన లేదు కాబట్టి నకిలీ అని మాత్రం తేల్చేయొద్దు.

చుక్కల్ని చూడండి

లెక్క ఒక మాట చెప్పింది. ఇక కంటితో చూసేది. దగ్గరి ఫొటోను పెద్దది చేయండి. కదిలే డబ్బా మీద సన్నటి ఇంకు చుక్కల్ని చిమ్మే మిషన్లను లైన్ల మీద వాడతారు. ఒక డబ్బా మీది మూడు నాలుగు వరుసల్ని సాధారణంగా ఒకే మిషన్ ఒకే దఫాలో వేస్తుంది. అందుకని అన్ని వరుసల్లో అంకెల ఎత్తు, చుక్కల మధ్య దూరం, ఇంకు నలుపు ఒకేలా ఉండాలి. వంకర ఉంటే అన్నీ ఒకే వంకరలో ఉండాలి.

అక్క ఫొటోలో బ్యాచ్ వరుసలో ఒక్కో అంకె ఎత్తుకు ఏడు చుక్కలున్నాయి. కిందున్న రెండు తేదీ వరుసల్లో ఐదే ఉన్నాయి. ధర వరుసలో మళ్లీ ఏడు. మధ్య రెండు వరుసలే వేరే మిషన్‌తో, బహుశా చేత్తో పట్టుకుని కొట్టే చిన్న దానితో వేశారన్నమాట. అదీకాక, ఆ రెండు వరుసల కింద ప్లాస్టిక్ మెరుపు తగ్గి, వేలెడు వెడల్పున పాలిపోయినట్టు ఉంది. తుడవడానికి వాడే థిన్నర్ పాత ఇంకుతో పాటు పైపూతను కూడా కొంత తీసేస్తుంది. పక్కనుంచి వెలుతురు పడేలా తీయమన్నది ఇందుకే. ఎదురుగా తీసిన ఫొటోలో ఈ మరక కనిపించదు. ఇంకా జాగ్రత్తగా చూస్తే తుడిచిన చోట పాత చుక్కల నీడ కూడా ఒక్కోసారి దొరుకుతుంది.

స్టిక్కర్ల విషయం వేరు. 2025 సెప్టెంబరు 22 నుంచి నెయ్యి మీద జీఎస్టీ 12 నుంచి 5 శాతానికి తగ్గింది. అంతకుముందు ప్యాక్ చేసిన సరుకు మీద తగ్గిన ధరతో స్టిక్కరు కనిపిస్తే తప్పుపట్టక్కర్లేదు. తేదీ మీద స్టిక్కరు అంటించి ఉంటే మాత్రం ఆ డబ్బా జోలికి పోవద్దు.

తేదీ, బ్యాచ్ అంకెలు చుక్కలు లేకుండా లేబులు అచ్చుతో పాటే, అదే రంగులో, ప్రతి డబ్బా మీదా వెంట్రుకవాసి కూడా జరగకుండా ఉంటే అదీ గమనించాలి. మిషన్ కొట్టినప్పుడు డబ్బాకూ డబ్బాకూ మిల్లీమీటరో రెండో పక్కకు జరగడం సహజం. ఇంట్లో పచ్చళ్లు చేసి అమ్మేవాళ్లు కంప్యూటర్‌లో తేదీతో సహా లేబులు ప్రింటు తీసుకుంటారు, వాళ్లకు ఇది వర్తించదు. టీవీలో ప్రకటనలిచ్చే బ్రాండు మీద ఇలా కనిపిస్తే మాత్రం వింతే.

చిరునామాకూ లైసెన్సుకూ జోడీ కలపండి

తేదీ మార్చిన డబ్బా కాబట్టి మన ఉదాహరణ ఈ పరీక్షలో సునాయాసంగా గట్టెక్కింది. పూర్తి నకిలీ అయితే తడబడేది ఇక్కడే, అందుకని ఇదీ చూడాలి.

ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ లైసెన్స్ నంబరులో 14 అంకెలుంటాయి. పదమూడో పదిహేనో ఉంటే అక్కడే ఆగిపోవచ్చు. మొదటి అంకె 1 అయితే లైసెన్స్, 2 అయితే చిన్న వ్యాపారుల రిజిస్ట్రేషన్. రోజూ టన్నులకొద్దీ అమ్మే బ్రాండుకు 2తో మొదలయ్యే నంబరు పొసగదు. తర్వాతి రెండంకెలు రాష్ట్రం. కర్ణాటకకు 12, తమిళనాడుకు 24, తెలంగాణకు 36. కేంద్ర లైసెన్స్ అయితే 00. ఆ తర్వాతి రెండు, లైసెన్స్ తీసుకున్న సంవత్సరం. మన డబ్బా మీద హోసూరు యూనిట్ నంబరు 12419తో మొదలైంది. అంటే లైసెన్స్, తమిళనాడు, 2019. ఆఫీసుది 10018, అంటే కేంద్ర లైసెన్స్, 2018.

ఇందులో మోసగాళ్లు గమనించని మెలిక ఒకటుంది. లైసెన్స్ తీసుకున్న సంవత్సరం, సరుకు ప్యాక్ చేసిన సంవత్సరం కంటే తర్వాతది కాకూడదు. 2024లో ప్యాక్ చేశామని చెప్పే డబ్బా మీది లైసెన్స్ నంబరులో సంవత్సరం 25 అని ఉంటే, పుట్టకముందే బారసాల చేసినట్టు.

చిరునామా చదివేటప్పుడు ఊరి పేరు మోసం చేయొచ్చు, పిన్‌కోడు చూడండి. మన బెంగళూరులో ఇది మరీ ముఖ్యం. హోసూరు రోడ్డు అంటే బెంగళూరులోనే ఉంది, పిన్ మామూలుగా 560తో మొదలవుతుంది, లైసెన్స్ 112 గానీ 100 గానీ అవ్వాలి. హోసూరు అంటే అత్తిబెలె దాటాక తమిళనాడు, పిన్ 635, లైసెన్స్ 124 గానీ 100 గానీ. ఈ జోడీ తప్పితే నిలదీయాలి. ఇంకో తమాషా చూడండి. పీణ్య పిన్ 560058, చెన్నై అంబత్తూరు ఇండస్ట్రియల్ ఎస్టేట్ పిన్ 600058. మసక ఫొటోలో మొదటి అంకె, రెండో అంకె సరిగ్గా కనబడకపోతే ఫ్యాక్టరీ ఏకంగా రాష్ట్రం మారిపోతుంది. మొదట్లో ప్రశ్నార్థకాలు పెట్టుకోమన్నది ఇలాంటి వాటికోసమే.

ఒకటికి మించి చిరునామాలు ఉన్నంత మాత్రాన అనుమానించకండి. ఆఫీసు ఒకచోట, ప్యాకింగ్ ఇంకోచోట ఉండటం మామూలే. మన లేబులు మీద రెండు యూనిట్లున్నాయి. వాటిలో ఈ డబ్బా ఎక్కడిదో బ్యాచ్ మొదటి అక్షరం చెప్పాలి. లేబులు మీద H, P అని రెండే ఉండి బ్యాచ్ K తో మొదలైతే ఆ డబ్బాకు పుట్టిల్లు లేనట్టే.

ఇక ఆ నంబరు నిజంగా ఉందో లేదో చూడండి. ఫోనులో foscos.fssai.gov.in తెరిచి FBO Search దగ్గర 14 అంకెలూ కొట్టండి. కంపెనీ పేరు, చిరునామా, లైసెన్స్ నడుస్తోందో లేదో చూపిస్తుంది. ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ వాళ్ల ఫుడ్ సేఫ్టీ కనెక్ట్ యాప్‌లోనూ చూడొచ్చు. నంబరు దొరికిందని సంబరపడకుండా, వచ్చిన పేరూ ఊరూ లేబులు మీద ఉన్నవేనా అని చూడండి. నెయ్యి డబ్బా మీది నంబరు కొడితే ఏ బేకరీ పేరో వస్తే, ఎవరిదో నంబరు తెచ్చి అతికించారని అర్థం.

బార్‌కోడు గురించి అందరూ అడుగుతారు. 890తో మొదలైతే భారత్‌లో తయారైనట్టు అంటారు. కాదు. ఆ కోడును కంపెనీ ఇక్కడి జీఎస్1 సంస్థ దగ్గర తీసుకుందని మాత్రమే దానర్థం. పైగా లేబులుతో పాటు దాన్నీ కాపీ కొట్టేస్తారు, కాబట్టి నేను దానికి పెద్దగా విలువ ఇవ్వను.

కంపెనీని అడగండి

మనం ఎంత తరచి చూసినా అనుమానం వరకే. ఖాయంగా చెప్పగలిగేది తయారుచేసినవాళ్లే. కంపెనీ కస్టమర్ కేర్ మెయిల్‌ను వాళ్ల వెబ్‌సైటు నుంచి తీసుకోండి, డబ్బా మీద నుంచి కాదు. దొంగ లేబులు మీద దొంగ ఫోన్ నంబరే ఉండొచ్చు. మెయిల్‌లో కథలు వద్దు. బ్యాచ్ నంబరు, సైజు, మీద కొట్టిన రెండు తేదీలు, ధర, ఎక్కడ అమ్ముతున్నారో రాసి, ఫొటోలు జోడించి, ఒక్క ప్రశ్న అడగండి: ఈ బ్యాచ్ ఈ సైజులో ఏ తేదీన ప్యాక్ చేశారు? "ఇది అసలుదేనా" అని అడిగితే ఆచితూచి గోడమీద పిల్లిలా జవాబిస్తారు. తేదీ అడిగితే రికార్డు చూసి తేదీ చెప్తారు.

అక్క చేత అలాగే రాయించాను. ఆ బ్యాచ్ మార్చిలో ప్యాక్ చేసిందని, మార్కెట్‌లో ఉండకూడదని జవాబొచ్చింది. అమ్మినవాడి నంబరు కూడా అడిగారు. అక్క ఆ జవాబును గ్రూపులో పెట్టగానే అతని మెసేజ్ మాయమైంది. ఆ స్క్రీన్‌షాట్ మాత్రం అక్క ముందే తీసి పెట్టుకుంది. మీరూ ముందు అది చేయండి, తర్వాతే ప్రశ్నలు వేయండి.

ఫొటో చెప్పలేనివి

ఫొటో ఒక డబ్బాది. మీ ఇంటికి వచ్చేది ఇంకోటి కావచ్చు. కాబట్టి సరుకు చేతికి రాగానే, డబ్బు ఇచ్చే ముందే, ఫొటోలో దించుకున్న బ్యాచ్‌నూ తేదీల్నీ ప్రతి డబ్బాతో పోల్చండి. ఆన్‌లైన్ యాప్‌లో కొన్నారనుకోండి, డెలివరీ నాటికి నిల్వ కాలంలో కనీసం 30 శాతమో, 45 రోజులో మిగిలి ఉండాలని 2024 నవంబరులో ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ ఆ కంపెనీలకు చెప్పింది. గడువు దగ్గరపడ్డ డబ్బా అంటగడితే ఆ మాట గుర్తుచేసి తిప్పి పంపండి.

అసలు డబ్బానే ఖాళీ అయ్యాక కొనుక్కుని, అందులో కల్తీ నెయ్యి నింపితే మాత్రం పైన చెప్పినవేవీ పట్టుకోలేవు. బ్యాచ్ అసలుదే, చుక్కలూ అసలువే. అక్కడ చూడాల్సింది సీలు. మూత కింది రింగు తెగిందా, లోపలి రేకు అంచుల్లో మళ్లీ అతికించిన జిగురు ఉందా అని చూడండి. మీ ఇంట్లో ఖాళీ అయిన డబ్బాలను పాత సామాన్లవాడికి వేసేముందు లేబులు చింపి, తేదీ కొట్టిన చోట కత్తితో గీకేయండి.

లోపల ఉన్నది నెయ్యేనా అన్నది లేబులు తేల్చదు, ల్యాబు తేల్చాలి. ఆహార భద్రత చట్టం 2006లోని 40వ సెక్షన్ ప్రకారం కొన్నవాళ్లు ఫీజు కట్టి ఫుడ్ అనలిస్ట్ చేత పరీక్ష చేయించుకోవచ్చు. అయితే కొనేటప్పుడే అమ్మేవాడికి ఆ సంగతి చెప్పాలి.

ఫిర్యాదుకు ఫుడ్ సేఫ్టీ కనెక్ట్ యాప్ గానీ, ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ టోల్‌ఫ్రీ 1800112100 గానీ వాడండి. డబ్బులు తిరిగి రావాలంటే వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915. కొన్న డబ్బాను కోపంతో పారేయకండి, సీలు తీయకుండా బిల్లుతో, చాట్‌తో పాటు దాచి ఉంచండి. బిల్లు లేకపోతే యూపీఐలో డబ్బు పంపిన వివరాలు జతచేయండి. ఫిర్యాదులో బ్యాచ్ నంబరు తప్పకుండా రాయండి. అధికారులు గోడౌన్‌లో అదే బ్యాచ్ పెట్టెలు వెతకాలంటే వాళ్లకు పనికొచ్చే వివరం అదే.